గద్ద తల పక్కకు తిప్పినప్పుడు

అనకాపల్లిలో చికెన్ కొట్ల వరస దాటేటప్పుడు తల పైకెత్తి చూడడం నాకు అలవాటైపోయింది. ఆ కొట్ల మీద ఆకాశం ఎప్పుడూ ఖాళీగా ఉండదు. నల్లగద్దలు రెక్క కదపకుండా, చీలిన తోకను చుక్కానిలా అటూ ఇటూ వంచుకుంటూ చుట్లు తిరుగుతుంటాయి. అప్పుడప్పుడు ఒకటి ఉన్నట్టుండి రెక్కలు దగ్గరికి లాక్కుని జారిపోయి, డ్రైనేజీ గట్టు మీద పడున్న పేగు ముక్కను కాలితో అందుకుని, ఎగురుతూనే ముక్కుకు అందించుకుంటుంది. పక్కనే అదే రంగు పాలిథిన్ సంచి ముక్కలు నాలుగు పడి ఉన్నా వాటి జోలికి పోదు. నన్ను చాలా కాలంగా తొలిచేది ఆ దూకడం కాదు, దానికి ముందు జరిగేది. దూకబోయే ముందు గద్ద కిందికి చూడదు. అంటే మనం చూసినట్టు, ముక్కు సూటిగా వస్తువు వైపు పెట్టి చూడదు. తల కాస్త పక్కకు వాలుస్తుంది, ముక్కు ఎటో ఉంటుంది, చూపు ఇంకెటో ఉంటుంది. ఒకరోజు నేను అలా నిలబడిపోతే కొట్టతను కత్తి పక్కన పెట్టి, "అది మనల్ని సూడదు మేస్టారూ, మన సెయ్యి సూత్తాది" అన్నాడు. చెయ్యి పైకి లేస్తే ఏదో విసరబోతున్నారని దానికి తెలుసట. అప్పటినుంచి ప్రశ్న ఒకటి రెండైంది. ఆ గద్దకు కనిపించేది ఎంత, తెలిసేది ఎంత?

గద్ద చూపు, డేగ కన్ను అంటే మనకు తిరుగులేని మాటలు. మనిషి కంటే ఎనిమిది రెట్లు స్పష్టంగా చూస్తుందని పిల్లల పుస్తకాల్లో ఉంటుంది, మైళ్ల దూరంలో కుందేలును గుర్తు పడుతుందని ఉంటుంది. ఈ ఎనిమిది ఎవరు కొలిచారు? కొలవడమంటే పక్షిని అడగడమే కదా, అది ఎలా? పద్ధతి మాత్రం ముచ్చటగా ఉంటుంది. పక్షికి రెండు పలకలు చూపిస్తారు. ఒకదాని మీద నల్లని, తెల్లని చారలు, ఇంకోదాని మీద అంతే వెలుతురు ఉన్న ఒట్టి బూడిద రంగు. చారల వైపు పోతే మాంసం ముక్క దొరుకుతుంది. అలవాటయ్యాక చారలను సన్నం చేస్తూ పోతారు. ఒక దశలో చారలు కలిసిపోయి దానికీ బూడిద రంగే కనిపిస్తుంది. అప్పుడిక పక్షి ఊహించి ఎంచుకోవాలి, సగం సార్లు ఒప్పు, సగం సార్లు తప్పు. సరైన ఎంపికలు సగానికి జారే చోటే దాని చూపు హద్దు. కంటి పరీక్షలో మనం కింది వరుస అక్షరాల దగ్గర తడబడి ఊహించి చెప్తాం చూడండి, సరిగ్గా అదే చోటు.

ఆస్ట్రేలియాలోని వెడ్జ్‌టెయిల్డ్ ఈగిల్ అనే పెద్ద గద్ద మీద రేమండ్ అనే శాస్త్రవేత్త చేసిన కొలతలు 1985లో అచ్చయ్యాయి. చెయ్యి బారజాపి చిటికెన వేలు నిలబెడితే దాని వెడల్పు సుమారుగా ఒక డిగ్రీని కప్పుతుంది. ఆ ఒక్క డిగ్రీలో ఎన్ని నల్ల-తెల్ల చారల జతలను విడివిడిగా చూడగలమన్నదే లెక్క. మంచి చూపున్న మనిషికి అది 60 ప్రాంతం. ఆ గద్దకు 132 నుంచి 143 వచ్చింది. అంటే రెండు రెట్లు, మహా అయితే రెండున్నర రెట్లకు లోపు. ఎనిమిది ఎక్కడ, రెండు ఎక్కడ! నాకైతే ఈ రెండు ఆ ఎనిమిది కంటే ఎక్కువ ఆశ్చర్యంగా తోస్తుంది. నాలుగు కిలోల బరువుకు అటూ ఇటూ ఉండే జీవి, దానికి పదిహేను రెట్లు బరువున్న మనిషిని చూపులో రెండింతలు దాటిపోవడం చిన్న సంగతా?

దీన్ని మన నేల మీద పెట్టి చూసుకుంటే ఇంకా బాగా తెలుస్తుంది. శంకరం దగ్గర బొజ్జన్నకొండ ఎక్కి, ఆ రాతి స్తూపాల పక్కన నిలబడి కింది పొలాల వైపు చూస్తున్నామనుకుందాం. మూడు వందల మీటర్ల దూరంలో ఒక గట్టు మీద పందికొక్కు ఉంది, తోక వదిలేస్తే పాతిక సెంటీమీటర్ల పొడవు. ఆ దూరంలో మన కంటికి విడివిడిగా అందే చార వెడల్పు నాలుగున్నర సెంటీమీటర్లకు కాస్త తక్కువ. అంటే పందికొక్కు మనకు ఐదారు చారలంత పొడవున్న ఒక నల్లటి మచ్చ. అదొక జంతువో మట్టిపెళ్లో కదిలితే గానీ తేలదు. ఆ ఆస్ట్రేలియా గద్ద ఇక్కడ కూర్చుని ఉంటే దానికి రెండు సెంటీమీటర్ల లోపు చార కూడా విడిగా అందుతుంది. తల ఏ వైపో, వీపు ఏ వైపో, అది పారిపోయే దిక్కేదో తెలుస్తుంది. వేటకు కావలసిన కబురు అదే. అయితే ఈ లెక్క ఒక వస్తువులోని వివరాల గురించి, వస్తువు ఉందా లేదా అన్న దాని గురించి కాదు. ఆ గట్టు మీదుగా పోయే కరెంటు తీగ మందం సెంటీమీటరో రెండో ఉంటుంది, అయినా తెల్లటి ఆకాశం ముందు మనకు గీతలా కనిపిస్తూనే ఉంటుంది. వెలుతురు తేడా గట్టిగా ఉంటే హద్దు కంటే సన్నటి వస్తువు కూడా ఉన్నట్టు తెలుస్తుంది. ఈ తేడా అనే మాట దగ్గరికి మళ్లీ రావాలి, ఎందుకంటే గద్ద కన్ను బలహీనత అక్కడే దాక్కుని ఉంది.

ముందు ఆ రెండింతలు ఎక్కడినుంచి వచ్చాయో చూడాలి. మొదటి కారణం చాలా మోటుది: కన్ను పెద్దది. మన కంటిగుడ్డు ముందు నుంచి వెనక్కి 24 మిల్లీమీటర్లు. ఆ గద్దది సుమారు 35. మనకు బయట కనిపించేది అందులో కొంచెమే, మిగతాదంతా పుర్రెలో ఇరుక్కుని ఉంటుంది. రెండు కళ్లూ కలిసి తలలో ఎంత చోటు ఆక్రమిస్తాయంటే, మెదడు వాటి వెనకాల సర్దుకోవలసిందే. లోతెక్కువైన కంట్లో బొమ్మ పెద్దగా పడుతుంది. టూరింగ్ టాకీసులో తెరను వెనక్కి జరిపితే బొమ్మ పెద్దదైనట్టే. పెద్ద బొమ్మను అందుకునే శంకు కణాలు కూడా దగ్గరదగ్గరగా ఉండాలి, లేకపోతే పెద్దదై ప్రయోజనం లేదు. మన రెటీనాలో చూపు అతి పదునుగా ఉండే చోట చదరపు మిల్లీమీటరుకు సగటున రెండు లక్షల శంకు కణాలుంటాయి. పెద్ద గద్దల్లో అవి అంతకంటే సన్నగా, అంతకంటే చిక్కగా నిలబడి ఉంటాయి. ఆ కంటి పాప కూడా పెద్దదే, పట్టపగలు కూడా మన పాపంత చిన్నగా ముడుచుకోదు. వెలుగు సన్నటి రంధ్రం గుండా పోతే అంచులు చెదిరి మసకబారుతుంది. పాప వెడల్పుగా ఉంటే ఆ చెదురు తగ్గుతుంది.

ఇంకొకటుంది, నాకు ఎప్పుడు తలుచుకున్నా కొత్తగా అనిపించేది. మన రెటీనా మీద రక్తనాళాలు కొమ్మల్లా పాకి ఉంటాయి. కంటి డాక్టరు దీపం వేసి చూసేది వాటినే. పక్షి రెటీనా మీద అవి లేవు. ఒక్క నాళం కూడా లేదు. వెలుగు దారికి అడ్డం రాకుండా, ఆ నాళాల పని చేసే రక్తం కంటి వెనకనుంచి లోపలి ద్రవంలోకి పొడుచుకొచ్చిన ఒక నల్లటి మడతల పొరలో ఉంటుంది. దాన్ని పెక్టెన్ అంటారు. అక్కడినుంచి ప్రాణవాయువు, పోషకాలు ఊరి రెటీనాకు అందుతాయి. చూసే నేలను శుభ్రంగా ఉంచుకోవడానికి వంటిల్లు పక్కన కట్టుకున్న ఏర్పాటు ఇది. మరి ఆ పెక్టెన్ నీడ పడే చోటు చూపుకు గుడ్డిది కాదా? అవును, గుడ్డిదే. కానీ అది ఎలాగూ చూపు నాడి బయటికి పోయే చోట, అంటే మనకూ గుడ్డిచుక్క ఉండే చోటే నిలబడి ఉంటుంది.

ఇక చికెన్ కొట్ల దగ్గర నన్ను తొలిచిన ఆ పక్క చూపు. మన రెటీనాలో పదునైన చోటు ఒక్కటే, చిన్న గుంట, ఫోవియా. గద్దలు, డేగల్లో చాలా వాటికి ఒక్కో కంట్లో రెండు గుంటలున్నాయి. ఒకటి లోతు తక్కువది, ముందుకు చూస్తుంది. రెండు కళ్లూ కలిసి ముక్కు ముందున్న వస్తువు మీద పడేది దీని చూపే. రెండోది లోతైనది, గోడలు నిటారుగా ఉన్నది, అతి పదునైనది. అది ముందుకు చూడదు. తల సూటి గీత నుంచి సుమారు 45 డిగ్రీలు పక్కకు చూస్తుంది, ఎడమ కన్ను ఎడమకు, కుడి కన్ను కుడికి. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన వాన్స్ టక్కర్ 2000లో ప్రచురించిన పరిశీలనలో, ఎనిమిది మీటర్ల లోపు వస్తువును ఈ పక్షులు ఎక్కువగా ముక్కు సూటిగా చూశాయి, నలభై మీటర్లు దాటిన వస్తువును చూడడానికి చాలా వరకు తల పక్కకు తిప్పుకున్నాయి. అంటే గద్ద మనవైపు ముక్కు పెట్టి ఉన్నప్పుడు మనల్ని అంత శ్రద్ధగా చూడడం లేదు. పక్కకు తిరిగినట్టు కనిపించినప్పుడే నిశితంగా చూస్తోంది.

మనమైతే గుడ్డు తిప్పుకుంటాం, తల కదలకుండానే ఓరచూపు చూడగలం. గద్దకు ఆ వెసులుబాటు దాదాపు లేదు. అంత పెద్ద కన్ను పుర్రె గూట్లో బిగుసుకుపోయి ఉంటుంది. దాని చుట్టూ చిన్న చిన్న ఎముక పలకల వలయం ఒకటి, ఆకారం చెడకుండా పట్టి ఉంచుతుంది. కన్ను తిరగదు కాబట్టి మెడ తిరగాలి. మా వీధి చివర సెల్ టవరు ఇనుప అడ్డకమ్మీ మీద వాలిన గద్దను దగ్గర మేడ మీదనుంచి చూశాను. ముదురు గోధుమ రంగు కన్ను, పైన చూరులా ముందుకొచ్చిన కనుబొమ ఎముక. ఒక కన్ను నా మీద పెట్టింది, తల ఒక్క కుదుపుతో తిప్పి రెండో కన్ను పెట్టింది, మళ్లీ మొదటిది. ముక్కు వైపునుంచి మూడో రెప్ప పలచటి పాలపొరలా ఒక్క క్షణం కన్ను మీదుగా తుడుచుకుంటూ పోయింది. ఒక్కసారి కూడా ముక్కు నావైపు పెట్టలేదు. నేనంత దూరంలో ఉన్నాను మరి.

ఎగిరే పక్షికి దీంతో చిక్కొకటి వస్తుంది. దూరపు ఎరను లోతైన గుంటతో చూస్తూ సూటిగా దాని మీదికి దూకాలంటే తల సుమారు అంతే కోణంలో తిప్పి ఉంచాలి. అలా తిప్పిన తల వేగంలో గాలిని అడ్డుకుని పక్షిని నెమ్మదింపజేస్తుంది. టక్కర్ చెప్పిన జవాబు ఏమిటంటే, డేగ సూటిగా రానక్కరలేదు. తల సూటిగా ఉంచుకుని, ఎరను ఒక పక్క కంటి అంచున అదే కోణంలో నిలుపుకుంటూ వంపు దారిలో దిగితే చాలు. దూరం కాస్త పెరిగినా వేగం తగ్గదు. పెరిగ్రిన్ డేగలు అలా సుడి తిరిగిన దారిలో రావడం ఆయన బృందం చూసింది కూడా. ఆకాశంలో ఆ అందమైన వంపును చూసి మనం సొగసు అనుకుంటాం. అది రెటీనాలో గుంట ఉన్న చోటు గీసిన గీత అని తెలిస్తే సొగసు తగ్గుతుందా? నాకు పెరిగింది.

ఆ లోతైన గుంట అసలు ఏం చేస్తుందన్నది మాత్రం ఇంకా తెగని తగువు. నిటారు గోడల దగ్గర కాంతి వంగి, బొమ్మ టెలిఫోటో లెన్సులో లాగా ఇంకాస్త పెద్దదవుతుందని స్నైడర్, మిల్లర్ 1978లో వాదించారు. కాదు, దాని పని పెద్దది చేయడం కాదు, వస్తువు నడిగుంట నుంచి రవ్వంత జరిగినా ఆ జరుగును పట్టివ్వడం అని ఇంకో వాదం. రెండోదాని వైపే నా మనసు మొగ్గుతుంది. వేటాడే పక్షికి ఎర ఎంత పెద్దగా కనపడిందన్న దానికంటే ఎటు కదిలిందన్నది ముఖ్యం కదా.

ఇప్పుడు దాచి పెట్టిన మాట. మనం గద్ద అని అనకాపల్లి ఆకాశంలో చూసేది ఆ నాలుగు కిలోల ఆస్ట్రేలియా పక్షిని కాదు. మన నల్లగద్ద కిలోకు అటూ ఇటూ. దానంత బరువే ఉండే హారిస్ హాక్ అనే అమెరికా డేగను ఇదే చారల పరీక్షకు పెడితే డిగ్రీకి 27 నుంచి 36 జతలే వచ్చాయి. మనిషి 60 ముందు అది సగం! బొజ్జన్నకొండ మీదనుంచి ఆ పందికొక్కును చూస్తే దానికి తొమ్మిది సెంటీమీటర్ల చార కావాలి. పందికొక్కు మొత్తం మూడు చారలంత. గద్ద జాతి అంతా మనకంటే పదును అన్నది నిలవదు. పెద్ద గద్దలకు నిలుస్తుంది, చిన్న డేగలకు నిలవదు. చూపు పదును కంటి పరిమాణంతో పెరుగుతుంది, కిలో డేగ తలలో పెద్ద గద్దంత కన్ను ఇమడదు. మన నల్లగద్ద కన్ను కూడా ఆ డేగ కొలతకు మరీ దూరంగా ఉండదనే అనుకుంటాను. మరి ఆ పేగు ముక్క ఎలా కనిపించింది?

అదే డేగకు ఇంకో పరీక్ష పెట్టారు. దీపం ఆగి ఆగి వెలుగుతూ వేగం పెంచుకుంటూ పోతే ఒక దశలో అది ఆగకుండా వెలుగుతున్నట్టు కనిపిస్తుంది. మనకు ఆ దశ సెకనుకు 50, 60 మినుకుల దగ్గర వస్తుంది. హారిస్ హాక్‌కు 77 దాకా, పెరిగ్రిన్ డేగకు 129 దాకా మినుకులు విడిగా తెలిశాయని 2020లో వెల్లడైంది. అంటే వివరంలో మనకంటే తక్కువైనా కదలికలో మనకంటే ఎక్కువ. కొట్టతని మాట ఇక్కడ గుర్తొస్తుంది. చెయ్యి లేవడం, ముక్క గాలిలో తిరగడం, అది నేలను తాకి ఆగడం, ఇవన్నీ కదలికలే. పాలిథిన్ సంచి అక్కడ పొద్దుటినుంచీ పడి ఉంది. పేగు ముక్క ఇప్పుడే వచ్చి పడింది. గద్ద ఆ రెంటినీ రూపం చూసి వేరు చేయనవసరం లేదు, రాక చూసి వేరు చేస్తే చాలు. అదీగాక అది ఎంతో ఎత్తునుంచి దూకదు. గమనిస్తే తెలుస్తుంది, మొదట చుట్లు కిందికి దిగుతాయి, మేడల ఎత్తుకు వచ్చాకే దూకుతుంది. ఆ దూరంలో దాని చూపు సరిపోతుంది.

కిష్కింధకాండలో సంపాతి మాటలు ఈ సందర్భంలో నాకు కొత్తగా వినిపించాయి. రెక్కలు కాలిన ఆ ముసలి గద్ద సముద్రపు ఒడ్డున కూర్చుని, నూరు యోజనాల అవతల లంకలో సీతను చూస్తున్నానంటాడు. అందుకు కారణం కూడా చెప్తాడు: మా తిండి దూరంనుంచి వెతుక్కునేది, పుట్టుకతోనే అలా ఏర్పడింది, కోళ్లకు తిండి కాళ్ల దగ్గరే దొరుకుతుంది అని. నూరు యోజనాల సంగతి కవికి వదిలేద్దాం. ఆ కారణం మాత్రం జీవశాస్త్రం చెప్పేదే. ఏ కన్ను ఎంత పదునుగా ఉండాలో దాని తిండి నిర్ణయిస్తుంది. కోడి చూపును చారలతో కొలిస్తే డిగ్రీకి 6 నుంచి 8 జతల దగ్గర ఆగుతుంది. గింజకూ ముక్కుకూ మధ్య జానెడు దూరమున్న జీవికి అంతకంటే ఎందుకు? కొట్లో గంపల కింద కోళ్లు, కొట్టు మీద ఆకాశంలో గద్దలు. సంపాతి చెప్పిన రెండు వృత్తులూ ఆ వీధిలో ఒకే చూపులో కనిపిస్తాయి.

పెద్ద గద్ద పదునుకూ వెల ఉంది. రేమండ్ కొలతల్లోనే తేలింది, వెలుతురు తగ్గే కొద్దీ దాని పదును మనకంటే వేగంగా పడిపోతుంది. సన్నటి కణాలకు పడే వెలుగు కూడా తక్కువే కదా. అంతకంటే పెద్ద లోటు ఆ తేడా సంగతి. బూడిద రంగు మీద కాస్త ముదురు బూడిద చారలు గీస్తే మనిషి కన్ను నూటికి ఒక వంతు కంటే తక్కువ తేడానూ పట్టేస్తుంది. అదే ఆస్ట్రేలియా గద్దకు 1981లో రేమండ్, వుల్ఫ్ చేసిన కొలతలో తేడా నూటికి ఏడు వంతుల దాకా ఉంటే గానీ చారలు కనిపించలేదు. ఎండలో, నల్లటి నీడల మధ్య దానికి తిరుగులేదు. మబ్బు పట్టిన పూట, బూడిద ఆకాశం ముందు బూడిద తీగ ఉంటే మనకు ముందు కనిపించి దానికి తర్వాత కనిపించవచ్చు. అంత చూపున్న పక్షి తీగకు గుద్దుకోవడమేమిటని జాలిగా అడుగుతుంటారు. అది చూపు మందగించి కాదు, దాని చూపు ఆ పనికి కట్టింది కాదు కాబట్టి. పైగా ఎగురుతూ వెతికేటప్పుడు తల వంచితే కనుబొమ చూరు అడ్డం వచ్చి ముందు దారే కనబడదు. రాబందుల్లో ఇది కొలిచి చూశారు.

శారదా నది పక్కన చెరకు తోటల మీద జనవరి పొద్దున పొగమంచు కమ్ముతుంది. ఆ వేళ గద్దలు చెట్ల మీదే ఉంటాయి, బెల్లం బండ్లు తిరగడం మొదలయ్యాక కూడా చాలాసేపు లేవవు. నేల వేడెక్కి పైకి లేచే గాలి పుట్టాలి, అదొక్కటే కారణమని పక్షులను చూసేవాళ్లు అంటారు. నాకు మాత్రం సందేహం. మంచులో నూటికి ఏడు వంతుల తేడా ఎక్కడ మిగులుతుంది, లేచి మాత్రం అవి ఏం చూస్తాయి? తేల్చుకోవడం కష్టమేమీ కాదు. చలి అంతే ఉండి మంచు లేని పొద్దులు కూడా ఆ నెలలో వస్తాయి. ఆ పొద్దుల్లోనూ గద్దలు అంతే ఆలస్యంగా లేస్తే కారణం గాలి. ముందే రెక్కలాడించుకుంటూ చెట్టు దిగి తక్కువ ఎత్తులో వెతకడం మొదలుపెడితే, వాటిని ఆపుతున్నది మంచు. వచ్చే చలికాలం ఏ పూట ఎప్పుడు లేచాయో రాసిపెట్టుకోవాలి, ఆ పూట మంచుందో లేదో పక్కనే రాసుకుంటూ.